ఒకే స్పీకర్, ఆరుగురి పాటలు: గొంతు కన్నా ముందు ఖాతా సంగతి చూడండి

ప్రశ్న: మా ఇంట్లో గూగుల్ నెస్ట్ మినీ స్పీకర్ ఒకటి ఉంది. అత్తయ్య, మామయ్య, మా ఆయన, నేను, పీజీ చదువుతూ మా దగ్గరే ఉంటున్న చెల్లెలు, తొమ్మిదేళ్ళ పాప, అందరం దాంట్లోనే పాటలు వింటాం. సెటప్ నా ఫోన్‌తో చేశాం, స్పాటిఫై ప్రీమియం నాది. ఇప్పుడు నా యాప్ తెరిస్తే అన్నీ కీర్తనలు, పిల్లల రైమ్సే. బస్సులో నేను వింటుంటే ఇంట్లో ఎవరో పాట అడగగానే నాది ఆగిపోతోంది. మొన్న కూర్చోబెట్టి అందరి చేతా వాయిస్ మ్యాచ్ కూడా చేయించాను, ఏమీ మారలేదు. ఎవరు అడిగితే వాళ్ళ పాటలు రావాలంటే ఏం చేయాలి?

జవాబు:

కూర్చోబెట్టి అందరి చేతా చేయించానన్నారు కదా, అది ఎవరి ఫోన్‌లో చేయించారు? మీ ఫోన్‌లోనే, మీ ఖాతాలోనే అయితే కథంతా అక్కడే ఉంది. నేను ఇళ్ళకు వెళ్ళి వైఫై, స్పీకర్లు, టీవీలు సెట్ చేసే పనిలో ఉన్నాను. ఈ ఫిర్యాదు వచ్చిన చాలా ఇళ్ళలో నాకు కనిపించేది ఇదే.

వాయిస్ మ్యాచ్ చేసే పని చాలా చిన్నది. మాట్లాడింది ఎవరో పోల్చి, ఆ గొంతు ఏ గూగుల్ ఖాతాకు చెందిందో చూస్తుంది. అంతే. ఆ తర్వాత ఏ పాట రావాలి, ఎవరి ప్లేలిస్ట్ తెరవాలి, విన్నది ఎవరి హిస్టరీలో పడాలి అన్నవన్నీ ఆ ఖాతాను బట్టి, దానికి జోడించిన మ్యూజిక్ సర్వీసును బట్టి జరుగుతాయి. ఒక గొంతుకు ఒక ఖాతా అన్నది లెక్క. మీ ఖాతాలో అత్తయ్య గారి చేత చెప్పించి, తర్వాత మామయ్య గారి చేత, ఆ తర్వాత పాప చేత చెప్పిస్తే ముగ్గురి గొంతులూ అందులో చేరవు. మళ్ళీ నేర్పిన ప్రతిసారీ పాతదాని స్థానంలో కొత్తది వస్తుంది. ఆఖరున ఎవరు కూర్చున్నారో స్పీకర్ దృష్టిలో వాళ్ళే మీరు. మిగిలినవాళ్ళంతా దానికి ముక్కూమొహం తెలియనివాళ్ళు.

ఇది నిజమో కాదో నిమిషంలో తేలిపోతుంది. ఒక్కొక్కరూ స్పీకర్ ముందు నిలబడి `Hey Google, who am I?` అని అడగాలి. తెలిసిన గొంతైతే ఆ ఖాతాలో ఉన్న పేరు చెబుతుంది, తెలియకపోతే తెలియదంటుంది. పాప అడిగినప్పుడు మీ పేరు వచ్చి, మీరు అడిగినప్పుడు తెలియదన్నదనుకోండి, ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు. ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఈ పరీక్ష చేసి, ఎవరికి ఏమొచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పని అంతా అయ్యాక మళ్ళీ ఇదే పరీక్ష చేయాలి.

తెలియని గొంతు పాట అడిగితే ఏమవుతుందన్నది అంతకన్నా ముఖ్యమైన విషయం. చాలామంది దీని గురించి ఆలోచించరు. స్పీకర్ కుదరదని చెప్పదు, పాట వేస్తుంది. మొదట ఎవరి ఖాతాతో స్పీకర్‌ను సెటప్ చేశారో వాళ్ళ లెక్కలో వేస్తుంది. మీ ఇంట్లో ఆ ఖాతా మీదే. అందుకే కీర్తనలూ రైమ్సూ అన్నీ మీ స్పాటిఫై నెత్తిన పడ్డాయి. బస్సులో మీ పాట ఆగిపోవడం కూడా దీనివల్లే. స్పాటిఫైలో ఒక ఖాతా మీద ఒక సమయంలో ఒక్క చోటే పాట మోగుతుంది. ఇంట్లో స్పీకర్ మొదలుపెట్టగానే మీ ఫోన్ ఆగుతుంది. స్పీకర్‌లో లోపమేమీ లేదు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, తెలియని గొంతులన్నీ ఎవరి ఖాతాలో పడాలన్నది. చుట్టాలు వస్తారు, పక్కింటి పిల్లలు వస్తారు, జలుబు చేసి గొంతు మారితే ఇంట్లోవాళ్ళే ఆ రోజుకు స్పీకర్‌కు తెలియనివాళ్ళు అవుతారు. ఇదంతా మీ ఖాతాలోనో మీ ఆయన ఖాతాలోనో పడితే ఎంత జాగ్రత్తగా గొంతులు నేర్పినా ఆరు నెలలకు మళ్ళీ కథ మొదటికి వస్తుంది. నేను చెప్పేదేమిటంటే, ఇంటి పేరుతో ఒక కొత్త జీమెయిల్ తెరవండి. ఎవరి గొంతూ దానికి నేర్పవద్దు. స్పీకర్‌ను దానితో సెటప్ చేయండి. దానికి డబ్బు కట్టిన ప్లాన్ ఏదీ అవసరం లేదు, యూట్యూబ్ మ్యూజిక్ ఉచితంగా వచ్చేదే చాలు. ఆ ఖాతా హిస్టరీలో ఏం పోగుపడినా ఎవరికీ బాధ లేదు.

మీ స్పీకర్ ఇప్పటికే మీ ఖాతాలో ఉంది కాబట్టి ముందు దాన్ని ఖాళీ చేయాలి. నెస్ట్ మినీకి ప్రత్యేకంగా రీసెట్ బటన్ ఉండదు. పక్కన వైరు దగ్గర ఉన్న మైక్ స్విచ్‌ను ఆఫ్ చేయండి, పైన నారింజ రంగు లైట్లు వెలుగుతాయి. అప్పుడు స్పీకర్ పైభాగం మధ్యలో వేలు పెట్టి నొక్కి పట్టుకోండి. 5 సెకన్లకు రీసెట్ మొదలవుతుంది, అక్కడ వదిలేయకుండా ఇంకో 10 సెకన్లు అలాగే పట్టుకుంటే శబ్దం చేసి అంతా చెరిపేసుకుంటుంది. మధ్యలో వేలు తీస్తే ఏమీ జరగదు, మళ్ళీ మొదటి నుంచి పట్టుకోవాలి. అయ్యాక మైక్ స్విచ్‌ను ఆన్ చేయడం మరిచిపోకండి. రీసెట్ చేశాక స్పీకర్ వినడం మానేసిందని ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది ఆ స్విచ్ వేయనివాళ్ళే.

తర్వాత మీ ఫోన్‌లోనే గూగుల్ హోమ్ యాప్ తెరిచి, పైన మీ ఫొటో మీద నొక్కి, ఇంటి ఖాతాను జోడించి దానిలోకి మారండి. దానితో కొత్త హోమ్ తయారు చేసి స్పీకర్‌ను అందులో పెట్టండి. ఈ సెటప్‌లో వాయిస్ మ్యాచ్ చేయమని అడుగుతుంది. వద్దని దాటేయండి. ఇక్కడ మొహమాటానికి ఒప్పుకుంటే ఇంటి ఖాతాకు మీ గొంతు అంటుకుంటుంది, మొత్తం పని చెడుతుంది. ఆ తర్వాత ఇంట్లో మిగిలినవాళ్ళందరినీ, మీతో సహా, వాళ్ళ వాళ్ళ జీమెయిల్‌కు ఆహ్వానం పంపి ఆ హోమ్‌లో చేర్చండి. మెనూల పేర్లు అప్‌డేట్లలో అటూ ఇటూ మారుతుంటాయి కానీ `Household` అని ఉన్న చోట మనుషుల్ని చేర్చడం, `Voice Match` అని ఉన్న చోట గొంతు నేర్పడం, `Music` అని ఉన్న చోట పాటల సర్వీసు ఎంచుకోవడం ఉంటాయి. మీకు కావలసింది ఈ మూడే.

ఇప్పుడు ఇంటి పెద్దల ఫోన్ల దగ్గరకు వద్దాం, అసలు తిప్పలు అక్కడే. అత్తయ్య గారి ఫోన్ తీసి ప్లే స్టోర్‌లో ఏ ఖాతా ఉందో చూడండి. మన ఇళ్ళలో అమ్మానాన్నల ఫోన్ కొన్న రోజున కొడుకో కూతురో తమ జీమెయిల్‌తోనే లాగిన్ చేసేసి ఇస్తారు. అలా ఉంటే అత్తయ్య గారి ఫోన్‌లో అత్తయ్య గారి గొంతు నేర్పినా అది వెళ్ళి మీ ఆయన ఖాతాకు చేరుతుంది. వేరే ఫోన్‌లో చేశాం కదా, సరిగ్గానే చేశాం అనుకుంటారు, ఫలితం మాత్రం తేడా వస్తుంది.

అలా ఉందని పాత ఖాతాను ఫోన్‌లోంచి తీసేయవద్దు. కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్ దాంట్లోనే ఉండవచ్చు. ఖాతా తీసేస్తే దానితో సింక్ అయిన నంబర్లు ఫోన్‌లో కనిపించకుండా పోతాయి, ఆ రోజు ఇంట్లో జరిగే గొడవ మీకు తెలియంది కాదు. పాతది అలా ఉండనిచ్చి, అత్తయ్య గారి పేరుతో రెండో ఖాతా జోడించండి. హోమ్ యాప్‌లోనూ యూట్యూబ్ మ్యూజిక్ యాప్‌లోనూ మాత్రం కొత్త ఖాతాలోకి మారండి. రెండు యాప్‌లలోనూ కుడివైపు పైన ఉన్న బొమ్మ మీద నొక్కితే ఏ ఖాతాలో ఉన్నారో కనిపిస్తుంది. గొంతు నేర్పే ముందు ఆ బొమ్మ చూడకుండా ముందుకు వెళ్ళకండి.

మామయ్య గారి దగ్గర బటన్ల ఫోన్ ఉన్నా ఇబ్బంది లేదు. ఆయన పేరుతో ఖాతా తెరిచి మీ ఆయన ఫోన్‌లో జోడించి, హోమ్ యాప్‌లో ఆ ఖాతాలోకి మారి మామయ్య గారి చేత మాట్లాడించవచ్చు. స్పీకర్ కోసం నేర్పిన గొంతు ఖాతాతో ముడిపడి ఉంటుంది. ఆయన ప్రతిసారీ ఫోన్ పట్టుకోవాల్సిన పని లేదు. పాస్‌వర్డ్, రికవరీ నంబరు మాత్రం ఒక డైరీలో రాసి పెట్టండి. ఇలాంటి ఖాతాల పాస్‌వర్డ్‌లు రెండో నెలకే ఎవరికీ గుర్తుండవు.

ఇక గొంతు నేర్పడం. మిక్సీ, టీవీ, కుక్కర్ ఏవీ నడవని సమయం చూసి, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. ఫోన్ ఇంటి వైఫైలోనే ఉండాలి. తెర మీద వచ్చే వాక్యాలను చదవమంటుంది. ఇక్కడ పిల్లలు తాతయ్యలకు ఉచ్చారణ నేర్పడం మొదలుపెడతారు. అలా కాదు, ఇలా అను, స్టైల్‌గా అను అని. వద్దు. ఆ రోజు తెచ్చిపెట్టుకున్న గొంతుతో చెబితే స్పీకర్ ఆ గొంతునే గుర్తుపెట్టుకుంటుంది. మర్నాడు మామయ్య గారు పేపర్ చదువుతూ తన మామూలు గొంతుతో పిలిస్తే పోల్చుకోదు. రోజూ ఎలా పిలుస్తారో అలాగే, అంతే గట్టిగా, అదే యాసతో చెప్పనివ్వండి. ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని గుసగుసగా చెప్పడం కూడా పనికిరాదు. టేబుల్ మీద పెట్టి, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు చెబితే చాలు.

గొంతు నేర్పాక అదే ఫోన్‌లో, అదే ఖాతాలో ఉండగానే `Music` తెరిచి ఆ మనిషి పాటల సర్వీసు జోడించండి. దీన్ని వేరే రోజుకు వాయిదా వేస్తే మరిచిపోతారు. డిఫాల్ట్ సర్వీసు ఎవరి ఖాతాకు వారిదే. మీకు స్పాటిఫై, మిగిలినవారికి యూట్యూబ్ మ్యూజిక్ పెట్టుకోవచ్చు, ఒకే స్పీకర్‌లో రెండూ నడుస్తాయి. మీ స్పాటిఫైని మాత్రం ఇక మీ ఒక్కరి ఖాతాకే జోడించండి. కలిసొస్తుంది కదా అని అత్తయ్య గారి ఖాతాలో కూడా మీ స్పాటిఫై లాగిన్ ఇచ్చారంటే స్పీకర్ ఆమెను సరిగ్గా గుర్తుపట్టి మరీ మీ హిస్టరీలో కీర్తనలు వేస్తుంది.

ఇక్కడ డబ్బు సంగతి ఒకటి తేల్చుకోవాలి. యూట్యూబ్ మ్యూజిక్ ఉచిత ఖాతాతో స్పీకర్‌లో ఫలానా పాట అని అడిగితే ఆ పాటే వస్తుందన్న హామీ లేదు. దానికి దగ్గరగా ఉండే పాటల వరుస ఒకటి వేస్తుంది, మధ్యలో ప్రకటనలు వస్తాయి. అత్తయ్య గారు ఒక కీర్తన అడిగితే వేరే కీర్తన వచ్చిందంటే గొంతు గుర్తుపట్టలేదని కంగారుపడకండి. `who am I` పరీక్షలో ఆమె పేరు సరిగ్గా వస్తుంటే సమస్య ప్లాన్‌ది. అడిగిన పాటే కావాలంటే ప్రీమియం ఉండాలి. యూట్యూబ్ ఫ్యామిలీ ప్లాన్‌లో తీసుకున్న మనిషి కాక ఇంకో ఐదుగురిని చేర్చవచ్చు, అందరూ ఒకే ఇంట్లో ఉండాలన్నది షరతు. మీ ఆయన అది తీసుకుని అత్తయ్య, మామయ్య, మీ చెల్లెలిని చేరిస్తే సరిపోతుంది. స్పాటిఫై మీకు అలవాటైతే అది అలాగే ఉంచుకోండి.

పాప విషయంలో నా అభిప్రాయం కాస్త వేరు. 13 ఏళ్ళ లోపు పిల్లలకు మామూలు గూగుల్ ఖాతా ఇవ్వరు. ఫ్యామిలీ లింక్‌లో తల్లి లేదా తండ్రి ఖాతా కింద పిల్లల ఖాతా తెరవాలి, గొంతు నేర్పేటప్పుడు కూడా పెద్దవాళ్ళ అనుమతి కావాలి. తొమ్మిదేళ్ళ పాప రైమ్స్ కోసం ఇంత తతంగం మొదటి రోజే అక్కర్లేదు. పాప గొంతు నేర్పకుండా వదిలేయండి. అప్పుడు ఆమె అడిగినవి తెలియని గొంతు లెక్కలో ఇంటి ఖాతాలో పడతాయి. హోమ్ యాప్‌లో `Digital Wellbeing` కింద ఫిల్టర్లు ఉంటాయి. అసభ్య పదాలున్న పాటలు రాకుండా ఆపే ఆప్షన్‌ను అందరికీ కాకుండా, పిల్లల ఖాతాలకూ తెలియని గొంతులకూ మాత్రమే పెట్టవచ్చు. మీ ఇంటికి అది సరిగ్గా సరిపోతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. చిన్నపిల్లల గొంతును స్పీకర్ ఒక్కోసారి తల్లి గొంతుగానో పిన్ని గొంతుగానో పొరబడుతుంది. పాప `who am I` అని నాలుగైదుసార్లు వేరువేరు చోట్ల నిలబడి అడిగినప్పుడు మీ పేరో మీ చెల్లెలి పేరో వస్తుంటే, అప్పుడు ఫ్యామిలీ లింక్ ఖాతా తెరిచి ఆమె గొంతు కూడా నేర్పడం మంచిది. అప్పుడు పోల్చుకోవడానికి స్పీకర్‌కు పాప అనే మనిషి కూడా ఉంటుంది. ఒక స్పీకర్‌కు ఆరుగురి గొంతుల దాకా జోడించవచ్చు. ఈ సౌకర్యం 2017లో మొదలైనప్పటి నుంచీ లెక్క ఆరే. పాపతో కలిపి మీ ఇంట్లో సరిగ్గా ఆరుగురు, ఇంటి ఖాతాకు గొంతు లేదు కాబట్టి దానికి చోటు పట్టదు.

మీ ఇంట్లో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది మీ ఇద్దరు అక్కచెల్లెళ్ళ గొంతులు. ఫోన్‌లో మీ అమ్మగారే మీ ఇద్దరినీ పొరబడుతుంటే స్పీకర్ కూడా పొరబడుతుందనే అనుకోండి. ముందు మీ గొంతు మాత్రమే నేర్పండి. తర్వాత చెల్లెలు నేర్పకుండానే స్పీకర్‌ను తానెవరో అడగాలి. తెలియదంటే గొంతుల్లో స్పీకర్‌కు అందేంత తేడా ఉన్నట్టే, ధైర్యంగా ఆమెది కూడా నేర్పండి. మీ పేరు చెబితే మాత్రం అంత దగ్గరగా ఉన్నట్టు. అప్పుడు కూడా ఆమె గొంతు నేర్పి చూడాలి, రెండు గొంతులూ తెలిస్తే కొంత మెరుగుపడవచ్చు. ఇద్దరూ ఒకే చోట నిలబడి మార్చి మార్చి అడిగి చూడండి. తప్పులు ఒకవైపే వస్తుంటే, అంటే చెల్లెలు అడిగినప్పుడే మీ పేరు వస్తుంటే, ఆమె గొంతును మాత్రం మళ్ళీ నేర్పండి. రెండువైపులా వస్తుంటే ఇద్దరివీ తీసేసి మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

అప్పటికీ కుదరకపోతే గొంతుతో కుస్తీ మానేయండి. మీ చెల్లెలు తన ఫోన్‌లో పాట పెట్టి, యాప్‌లో కనిపించే కాస్ట్ గుర్తు నొక్కి స్పీకర్‌కు పంపుకోవచ్చు. అలా పంపినప్పుడు ఆ ఫోన్‌లో ఏ ఖాతా ఉందో దాని లెక్కలోనే పడుతుంది, గొంతుతో సంబంధం లేదు. కవలలున్న ఇంట్లో నేను నేరుగా ఈ మాటే చెబుతాను.

ఇక తెలుగు. ఫోన్‌లో గూగుల్‌తో తెలుగులో మాట్లాడవచ్చు కానీ ఈ స్పీకర్‌లో మన దేశానికి ఇంగ్లీషు, హిందీ భాషలే ఉన్నాయి. మామయ్య గారు పాత సినిమా పాట పల్లవి చెప్పి అడిగితే దాన్ని ఇంగ్లీషు మాటలుగా విని, ఎక్కడి పాటో వేస్తుంది. ఆయనకు కోపం రావడం న్యాయమే. ఆయన ఖాతాకు ప్రీమియం ఉంటే దీనికి నేను వాడే మార్గం ప్లేలిస్టులు. ఆయనకు ఇష్టమైన పాటలన్నీ ఆయన ఖాతాలోనే ఒక ప్లేలిస్టులో వేసి, దానికి స్పీకర్‌కు తప్పకుండా అర్థమయ్యే ఇంగ్లీషు పేరు పెట్టండి. తెలుగు లిపిలో పేరు పెడితే దొరకకపోవచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాట కూడా నమ్మకం లేదు. మామయ్య గారికి `Old Gold`, అత్తయ్య గారికి `Morning Temple` లాంటివి. ఒక పదం పేరు కన్నా రెండు పదాలది మేలు, వేరే ఆల్బమ్‌తో కలవదు. ఆయన నేర్చుకోవాల్సింది ఈ ఒక్క వాక్యం:

```
Hey Google, play my playlist Old Gold
```

ఇందులో `my` అన్న మాట వదలకూడదు. అది లేకపోతే అదే పేరుతో ఊళ్ళో ఎవరిదో ప్లేలిస్ట్ తెచ్చి వేయవచ్చు. ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో తెలుగు లిపిలో రాసి స్పీకర్ పక్క గోడకు అంటించండి. చెల్లెలికి, మీకు ఇంత అవసరం ఉండదు కానీ మీ ఇద్దరి ప్లేలిస్టులకు ఒకే పేరు లేకుండా చూసుకోండి. పేర్లు వేరుగా ఉంటే పొరబాటున ఒకరి బదులు ఒకరిని గుర్తుపట్టినప్పుడు వెంటనే తెలిసిపోతుంది.

అన్నీ అయ్యాక పరీక్ష ఎలా చేయాలంటే, పాట మోగిందా లేదా అని కాదు, ఎవరి హిస్టరీలో పడిందా అని చూడాలి. మామయ్య గారి చేత ఒక పాట అడిగించి రెండు నిమిషాలు మోగనివ్వండి. తర్వాత ఆయన ఖాతాతో యూట్యూబ్ మ్యూజిక్ తెరిచి `History` చూడండి. అక్కడ ఆ పాట ఉంటే ఆయన పని అయిపోయినట్టే. అక్కడ లేకుండా ఇంటి ఖాతా హిస్టరీలో ఉంటే గొంతు గుర్తుపట్టలేదు, మళ్ళీ నేర్పాలి. మీ ఆయన హిస్టరీలో ఉంటే గొంతు నేర్పేటప్పుడు ఖాతా మారలేదన్నమాట, పైన బొమ్మ చూడమన్నది ఇందుకే. ఇలా పాట ఎక్కడ పడిందో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో అదే చెబుతుంది. ఒక్కొక్కరికీ ఇదే వరుసలో చేయండి, పాప చేత కూడా చేయించండి. పాపది ఇంటి ఖాతాలో పడాలి.

ఇంత చేసినా ఇది తీర్చలేనివి కొన్ని ఉన్నాయి. స్పీకర్ ఒక్కటే కాబట్టి ఒకేసారి ఒకరి పాటే మోగుతుంది. అత్తయ్య గారు కీర్తనలు వింటుండగా చెల్లెలు తన పాట అడిగితే కీర్తన ఆగిపోతుంది, దానికి సెట్టింగ్ లేదు. ఇంకొకటి, పాట ఎవరు మొదలుపెట్టారో ఆ వరుస వాళ్ళ ఖాతాలోనే సాగుతుంది. పొద్దున మీరు మొదలుపెట్టి ఆపకుండా ఆఫీసుకు వెళితే, మీ వెనక అది దానంతటదే పాటలు కలుపుకుంటూ మధ్యాహ్నం దాకా మోగవచ్చు. ఇంట్లోవాళ్ళు తరవాతి పాట, తరవాతి పాట అని మార్చుకుంటూ విన్నా అవన్నీ మీ లెక్కే, బస్సులో మీ పాట మళ్ళీ ఆగుతుంది. వెళ్ళేముందు ఆపేసి వెళ్ళండి.

తెల్లవారుజామున టైముకు దానంతటదే మోగే రొటీన్ ఏదైనా పెట్టుకుంటే, అది మీ ఫోన్‌లో కాకుండా అత్తయ్య గారి ఖాతాలో పెట్టండి. రొటీన్‌ను పిలవడానికి గొంతు ఉండదు కాబట్టి స్పీకర్ పోల్చుకునేది ఏమీ లేదు.

భద్రత గురించి ఒక్క మాట. గొంతు గుర్తుపట్టడాన్ని తాళంగా అనుకోకండి. దగ్గరి పోలిక ఉన్న గొంతుతోనో రికార్డు చేసిన మాటతోనో అది మోసపోవచ్చని గూగుల్ వాళ్ళే చెబుతారు. సెటప్‌లో `Personal results` అని ఒక స్విచ్ వస్తుంది. అది క్యాలెండర్, కాంటాక్టులు, రిమైండర్ల వంటివాటి కోసం. మీకు కావలసింది పాటలే కాబట్టి అందరికీ దాన్ని ఆఫ్‌లో పెట్టి చూడండి. హాల్లో ఉన్న స్పీకర్ మీ అపాయింట్‌మెంట్లు చదవాల్సిన అవసరం ఏముంది?

ఇప్పటికే పాడైన మీ స్పాటిఫై సంగతి మిగిలింది. కీర్తనలు, రైమ్స్ ఏ ప్లేలిస్టుల నుంచి మోగాయో వాటిని తెరిచి, మూడు చుక్కలు నొక్కితే `Exclude from your taste profile` అని ఉంటుంది. అది నొక్కితే ఆ ప్లేలిస్ట్ విన్న లెక్క మీ అభిరుచిలోకి రాదు. విడివిడిగా అడిగిన పాటల సంగతి, మీ పాటలు మీరు వింటూ ఉంటే మెల్లగా సర్దుకుంటుంది. యూట్యూబ్ మ్యూజిక్ అయితే `History`లోంచి ఒక్కో పాటనూ తీసేయవచ్చు.

పండక్కి చుట్టాలు వచ్చినప్పుడు గెస్ట్ మోడ్ పెడితే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. `Hey Google, turn on Guest Mode` అంటే స్పీకర్‌తో మాట్లాడిన మాటలు మీ ఖాతాలో దాచదు, నిజమే. కానీ ఆ సమయంలో వాడిన యూట్యూబ్ లాంటి ఇతర యాప్‌లు తమ హిస్టరీ తాము రాసుకోవచ్చు. కాబట్టి పాటల కోసం దాన్ని నమ్ముకోవద్దు. చుట్టాల గొంతు స్పీకర్‌కు ఎలాగూ తెలియదు, వాళ్ళు అడిగినవి ఇంటి ఖాతాలోకే వెళతాయి. ఒక్క మీ పుట్టింటివాళ్ళు వచ్చినప్పుడు మాత్రం, ముఖ్యంగా మీ అమ్మగారు అడిగినప్పుడు, ఒకసారి మీ హిస్టరీ చూసుకోండి.